‘డేటా పంపండి’ అంటే కాటా అన్నకు ఏం అర్థం కావాలి?

*అక్కా, వరంగల్ దగ్గర ఒక జిన్నింగ్ మిల్లులో అకౌంట్స్ చూస్తాను. జీఎస్టీ రిటర్న్ కోసం ప్రతి నెలా కాటా విభాగం నుంచి పత్తి కొనుగోలు లెక్కలు కావాలి. డిసెంబర్ 8న కాటా ఇన్‌చార్జి అన్నకు ‘నవంబర్ కొనుగోలు డేటా అర్జెంట్‌గా పంపండి’ అని వాట్సాప్ పెట్టాను. రెండుసార్లు గుర్తు చేశాను. 18న రాత్రి రిజిస్టర్ పేజీల ఫొటోలు 37 పంపారు. రాత్రంతా కూర్చొని ఎక్కించినా ఆడిటర్ గారు లెక్క కలవట్లేదన్నారు. ఆ అన్న నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద. ఇంకా వివరంగా రాస్తే ఆర్డర్ వేసినట్టు అనుకుంటారేమోనని భయం. ఎలా అడగాలి?*

*— ఒక చెల్లె, హనుమకొండ*

చెల్లె, ముందు నీ మెసేజ్‌ను ఆ అన్న కుర్చీలో కూర్చొని ఒకసారి చదువు. పత్తి సీజన్. గేటు బయట బండ్లు బారులు తీరి ఉన్నాయి. ఒక రైతు తేమ శాతం దగ్గర గొడవ పడుతున్నాడు, ఇంకొకరు బరువు, ధర, మొత్తం రాసి ఇచ్చే తక్‌పట్టీ కోసం తొందర పెడుతున్నారు. అప్పుడు ఫోన్‌లో ‘నవంబర్ కొనుగోలు డేటా’ అని వచ్చింది. ఆయన దగ్గర నవంబర్‌కు సంబంధించినవి కనీసం మూడు ఉంటాయి. కాటా కంప్యూటర్‌లో బండి బరువులు, తక్‌పట్టీ పుస్తకాల నకళ్లు, గేటు దగ్గర చేతితో రాసే రిజిస్టర్. మూడూ కొనుగోలు డేటానే. నీకు ఏది కావాలో ఆయనకు తెలిసే దారి లేదు. అందుకని చేతికి దగ్గరగా ఉన్న రిజిస్టర్ ఫొటోలు తీసి పంపారు. అది నిర్లక్ష్యం అనుకోకు. రోజంతా కాటా చూసుకుని రాత్రి పూట 37 పేజీలు ఒక్కొక్కటిగా ఫొటో తీసిన మనిషికి నీ మీద చిన్నచూపు ఉందని నేను నమ్మను.

ఆ మెసేజ్‌లో లేని మాట ఒకటే: ఎందుకు. కారణం చెప్పడాన్ని చాలామంది మర్యాద కోసం చెప్పే మాటగా చూస్తారు. నిజానికి ఏ లెక్క ఇవ్వాలో తేల్చేది కారణమే. నీ పనిలోనే అది ఎలా తేలుస్తుందో చూద్దాం.

రైతు దగ్గర మిల్లు నేరుగా పత్తి కొంటే దాని మీద 5 శాతం జీఎస్టీ రైతు కట్టడు, కొన్న మిల్లే కట్టాలి. రివర్స్ చార్జ్ అంటాం. ముడి పత్తికి ఇది 2017 నవంబర్ 15 నుంచి ఉంది. జీఎస్టీ ఉన్న వ్యాపారి దగ్గర కొంటే ఆయన తన బిల్లులోనే పన్ను వేసి ఇస్తాడు. ఇది నీకు తెలిసిన విషయమే. కాటా అన్నకు తెలుసా? ఆయనకు పత్తి పత్తే. రైతు ట్రాక్టర్ అయినా, వ్యాపారి లారీ అయినా కాటా ఎక్కితే ఒక బరువు వస్తుంది, అది రిజిస్టర్‌లో ఒక వరుస. ‘రైతుల సరుకు మీద మాత్రమే మనం పన్ను కట్టాలి’ అని ఒక్క వాక్యం రాసి ఉంటే, ఆ రిజిస్టర్ ఈ పనికి చాలదని ఆయనకే తెలిసేది. ఎందుకంటే అందులో అమ్మినవాళ్లు రైతా, వ్యాపారా అన్న గడి ఉండదు. ఆ సంగతి తక్‌పట్టీలోనే ఉంటుంది.

అంతేకాదు, కారణం తెలిస్తే ఆయన తిరిగి నిన్ను అడుగుతారు. ‘అడ్తి ద్వారా వచ్చిన బండ్లు ఎందులో వేయాలి బిడ్డా? పట్టీ రైతు పేరు మీద ఉంది, పైసలు అడ్తిదారు చేతికి పోయినయ్.’ మధ్యలో కమిషన్ ఏజెంటు ఉన్న బండ్ల గురించి ఇది చాలా విలువైన ప్రశ్న. అలాంటి బండ్లు ఎన్ని ఉన్నాయో ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు. ఆ ప్రశ్న నీకు డిసెంబర్ 9న వచ్చి ఉంటే ఆడిటర్‌ను అడిగి తేల్చుకునేదానివి. 19వ తేదీ తెల్లవారుజామున ఫొటోలు చూస్తూ ఊహించాల్సిన అవసరం ఉండేది కాదు.

బరువు, ధర విషయం కూడా ఇలాంటిదే. ఒక బండి లెక్క తీసుకుందాం. నిండు బండి 6,480 కిలోలు, ఖాళీ బండి 2,930 కిలోలు. నికర బరువు 3,550 కిలోలు, అంటే 35.50 క్వింటాళ్లు. ఆ రోజు మిల్లు ధర క్వింటాలుకు 7,000 రూపాయలు అనుకో. రిజిస్టర్‌లో ఉన్న బరువును ఆ రోజు ధరతో హెచ్చిస్తే 2,48,500 వస్తుంది. ఫొటోలు చూసి నువ్వు చేసింది ఇదే అయి ఉంటుందని నా అనుమానం. కానీ ఆ పత్తిలో తేమ ఎక్కువ ఉందని 6,850కి మాట్లాడుకొని కొన్నారు. తక్‌పట్టీలో రాసింది, రైతు తీసుకున్నది 2,43,175. పన్ను లెక్క దీని మీదే వేయాలి. ఒక బండికి తేడా 5,325 రూపాయలు, పన్నులో 266. నెలలో వందల బండ్లు. ఆడిటర్‌కు లెక్క ఎందుకు కలవలేదో నీకే అర్థమవుతుంది.

ఇంకొకటి ‘నవంబర్’ అన్న మాట. వినడానికి ఇంతకంటే స్పష్టమైన మాట ఉండదు, కానీ ఇక్కడ మూడు తేదీలు ఉంటాయి: బండి కాటా ఎక్కిన రోజు, తక్‌పట్టీ రాసిన రోజు, డబ్బు ఇచ్చిన రోజు. రివర్స్ చార్జ్‌లో సరుకు అందిన రోజు, డబ్బు ఇచ్చిన రోజు, ఈ రెండింటిలో ఏది ముందైతే ఆ నెలలో మామూలుగా పన్ను పడుతుంది. బిల్లు నుంచి 30 రోజులు దాటితే అన్న మూడో కొలత కూడా ఉంది కానీ, పత్తిలో సరుకు ముందే వస్తుంది కాబట్టి అంతదాకా పోదు. 30వ తేదీ రాత్రి దిగిన బండికి 1వ తేదీ పొద్దున తక్‌పట్టీ రాస్తే అది నవంబర్ లెక్కే. తక్‌పట్టీ తేదీ చూసి పంపితే ఆ బండ్లన్నీ జారిపోతాయి. నెలాఖరున ఎన్ని బండ్లు రాత్రి దిగాయో కూడా కాటా అన్నకే గుర్తుంటుంది. నువ్వు ఏ తేదీ అని చెప్పకపోతే ఆయన తనకు అలవాటైన తేదీ పట్టుకుంటారు.

నాకు ఇది ఒకసారి గట్టిగా తగిలింది. నేను లెక్కలు చూసిన ఒక మిల్లులో బ్యాంకుకు నెలనెలా స్టాకు వివరం ఇవ్వాలి. సరుకును చూసి బ్యాంకు ఇచ్చే సీసీ అప్పు ఎంతవరకు వాడుకోవచ్చో దాన్ని బట్టే బ్యాంకు తేలుస్తుంది. గోదాం చూసే తమ్ముణ్ణి ‘ఎన్ని బేళ్లున్నాయో చెప్పు’ అన్నాను. లెక్కపెట్టి 1,240 అన్నాడు. రాసి పంపాను. అందులో 200 బేళ్లు అప్పటికే అమ్ముడై, బిల్లు కూడా అయి, లారీ రాక గోదాంలో ఆగి ఉన్నాయి. బేలు 170 కిలోల లెక్కన 340 క్వింటాళ్ల దూది, మాది కానిదాన్ని మాదని చూపించాను. బ్యాంకు వాళ్లు వచ్చి చూసినప్పుడు బయటపడింది. ఆ తమ్ముడు చెప్పిన లెక్కలో తప్పు లేదు, గోదాంలో 1,240 ఉన్నాయి. ‘బ్యాంకుకు చూపించాలి, మన సొంత సరుకు ఎంత’ అని నేను అడిగి ఉంటే ఆ 200 తీసేసే చెప్పేవాడు. నోరు తెరిచి కారణం చెప్పకపోవడం నా తప్పు. ఆ రోజు అతను నా ముందు తల దించుకొని నిలబడ్డాడు. అది గుర్తొస్తే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

కారణం తర్వాత రూపం. ఎక్సెల్‌లో పంపండి అంటే సరిపోదు. మన అవసరానికి ఒక పట్టిక గీసి ఇవ్వాలి. కానీ అది గీసే ముందు ఆయన దగ్గర ఏది ఎలా ఉందో చూడు. కాటా క్యాబిన్‌కు ఒకసారి వెళ్లి పది నిమిషాలు కూర్చో. కాటా కంప్యూటర్ నుంచి చిట్టీ నంబర్, తేదీ, నికర బరువు ఫైల్‌గా బయటకు వస్తాయా? వస్తే ఆ మూడూ ఆయన మళ్లీ కొట్టాల్సిన పని లేదు. పేరు, ధర, మొత్తం మాత్రం తక్‌పట్టీ నుంచి ఎక్కించాలి. ఈ సంగతి తెలియకుండా తొమ్మిది గళ్లూ నింపమంటే ఆయనకు పని రెట్టింపు అవుతుంది, తప్పులూ పెరుగుతాయి.

నీ పనికి తొమ్మిది గళ్లు చాలు: కాటా తేదీ, తక్‌పట్టీ నంబర్, కాటా చిట్టీ నంబర్, పేరు, ఊరు, రకం, క్వింటాళ్లు, ధర, మొత్తం. వ్యాపారుల జీఎస్టీ నంబర్లు వాళ్ల బిల్లుల మీదే ఉంటాయి, ఆ బిల్లులు నీ దగ్గరికే వస్తాయి కాబట్టి మళ్లీ ఆయన్ను అడగకు. తేమ శాతం వద్దని స్పష్టంగా రాయి, లేకపోతే శ్రద్ధగా అదీ ఎక్కిస్తారు. రైతుల ఆధార్, బ్యాంకు ఖాతా నంబర్లు కూడా వద్దని రాయి. ఇది నేను గట్టిగా చెప్తున్నాను. చెల్లింపుల కోసం అవి కాటా దగ్గర ఉంటాయి. ఈ లెక్కకు వాటితో పని లేదు. అనవసరంగా ఒక ఫైల్‌లోకి ఎక్కి వాట్సాప్‌లో తిరిగితే, నమ్మి ఇచ్చిన రైతుకు అన్యాయం చేసినట్టే.

రకం గడిలో తెలుగులో రాయమంటే ఒకచోట రైతు, ఒకచోట రైతులు, ఇంకోచోట పక్కన ఒక ఖాళీ పడి ‘రైతు ’ అని వస్తాయి. మన కంటికి అన్నీ ఒకటే, ఎక్సెల్‌కు వేర్వేరు. రైతుకు R, వ్యాపారికి T, తేల్చలేనిదానికి X అని పెట్టు. ఈ X చాలా ముఖ్యం. అది లేకపోతే అడ్తి బండ్లను ఆయన ఏదో ఒక వైపు తోసేయాలి, ఎటు తోశారో నీకు తెలియదు. X పెట్టినవి పది ఉన్నా ఇరవై ఉన్నా ఇద్దరూ కూర్చొని పట్టీలు చూసి తేల్చుకోవచ్చు.

తేదీ దగ్గర కూడా ఒక చిక్కు ఉంది. కొన్ని కంప్యూటర్లలో నెల ముందు, రోజు తర్వాత వచ్చే అమరిక ఉంటుంది. అందులో 05/12 అని కొడితే మే 12 అయిపోతుంది. 13/12 కొడితే పదమూడో నెల లేదు కాబట్టి అది తేదీగా మారక ఉత్త అక్షరాలుగా మిగిలిపోతుంది. గుర్తుపట్టడం సులువే: మనం ఏ అమరికా మార్చకపోతే తేదీలు గడిలో కుడివైపుకు, అక్షరాలు ఎడమవైపుకు జరిగి ఉంటాయి. ఒకే నిలువులో కొన్ని అటు, కొన్ని ఇటు కనిపిస్తే అనుమానించాలి. `05-Dec-2025` అన్నట్టు నెలను అక్షరాల్లో కొట్టమంటే ఈ గొడవే ఉండదు.

మొత్తం గడిలో ‘రూ.’ అని గానీ, బరువు పక్కన ‘క్వి.’ అని గానీ రాస్తే ఎక్సెల్ దాన్ని అంకెగా తీసుకోదు. కూడేటప్పుడు ఏ హెచ్చరికా లేకుండా వదిలేస్తుంది. మొత్తం తక్కువ వస్తుంది, ఎక్కడ పోయిందో తెలియదు. ఫైల్ రాగానే 612 వరుసలు ఉన్నాయనుకుంటే ఖాళీ గడుల్లో ఇవి వేసి చూడు:

```
=COUNT(I2:I613)
=COUNTA(I2:I613)
=SUMIF(F2:F613,"R",I2:I613)*5%
```

మొదటిది అంకెలు ఉన్న గడులను మాత్రమే లెక్కపెడుతుంది, రెండోది ఏదో ఒకటి రాసి ఉన్న గడులన్నీ లెక్కపెడుతుంది. రెండూ 612 రావాలి. మొదటిది 605 వస్తే ఏడు గడుల్లో అంకె బదులు అక్షరాలు ఉన్నాయన్నమాట. రెండోదే తక్కువ వస్తే కొన్ని గడులు ఖాళీగా ఉన్నాయి. మూడోది రైతుల సరుకు మీద కట్టాల్సిన పన్ను. మధ్యలో రోజువారీ మొత్తాల వరుసలు పెట్టొద్దని ముందే చెప్పు, అవి ఉంటే కూడిక రెండింతలవుతుంది.

ఫైల్‌తో పాటు రెండు అంకెలు విడిగా అడుగు: నెలలో తక్‌పట్టీలు మొత్తం ఎన్ని, పుస్తకం ప్రకారం రూపాయలు మొత్తం ఎంత. ఈ రెండూ ఫైల్‌లో నుంచి కాకుండా తక్‌పట్టీ పుస్తకాల నుంచి చెప్పాలి. ఫైల్‌తో కలిస్తే ఏ వరుసా జారిపోలేదని నీకూ ఆయనకూ నమ్మకం. రద్దయిన తక్‌పట్టీలు కూడా వదలకుండా వరుసగా రాసి మొత్తం దగ్గర 0 పెట్టమను. లేకపోతే 418 తర్వాత 420 కనిపించినప్పుడు అది రద్దయిందా, మరిచిపోయారా తెలియక మళ్లీ ఫోన్ చేయాలి.

ఇక గడువు. ‘అర్జెంట్’ అన్న మాట తీసెయ్. కాటా దగ్గర పొద్దున్నుంచి వినిపించేది ఆ మాటే. అది రోజూ అనే మాట, తేదీ కాదు. ఇరవైన రిటర్న్ వేయాలి అని చెప్పినా లాభం లేదు, ఆయన 19న ఇస్తే సరిపోతుందనుకుంటారు. నీకు కావాల్సిన రోజు వెనక నుంచి లెక్కేసి చెప్పాలి. డిసెంబర్ లెక్కకు చూద్దాం. నెలవారీ రిటర్న్ జీఎస్టీఆర్-3బికి చివరి తేదీ జనవరి 20. రివర్స్ చార్జ్ పన్నును పాత క్రెడిట్‌తో సర్దడానికి లేదు, ముందు నగదుగా కట్టాలి, ఆ తర్వాతే క్రెడిట్ తీసుకోవాలి. రైతుల దగ్గర 6 కోట్ల పత్తి కొని ఉంటే 30 లక్షలు ఖాతాలో సిద్ధంగా ఉండాలి. సీజన్‌లో ఆ డబ్బంతా రైతులకు ఇచ్చేస్తుంటారు కాబట్టి, ఎంత పక్కన పెట్టాలో సేటుకు కనీసం 16న చెప్పాలి. 18న చలాన్ కట్టాలి. మధ్యలో సంక్రాంతి, ఆ రోజుల్లో ఎవరూ దొరకరు. అంటే ఆడిటర్ దగ్గరికి 11, 12 కల్లా వెళ్లాలి. నువ్వు సరిచూసుకోవడానికి రెండు రోజులు పట్టినా 9న నీ చేతిలో ఉండాలి. ఈ లెక్క ఆయనకూ చెప్పు. 9 అన్నది నువ్వు ఊరికే పెట్టిన తేదీ కాదని తెలుస్తుంది. ఆలస్యమైతే ఏమవుతుందో కూడా ఒక మాటలో రాయి: 30 లక్షల మీద ఏడాదికి 18 శాతం వడ్డీ అంటే రోజుకు దాదాపు 1,480 రూపాయలు, లేటు ఫీజు వేరే. భయపెట్టడానికి కాదు, ఆ సంగతి ఆయనకు ఎవరూ చెప్పి ఉండరు.

మొత్తం ఒకేసారి అడగకు. మొదటి పది వరుసలు 5వ తేదీకి అడుగు. తేదీ తిరగబడిందా, రకం గడి అర్థమైందా, ధర తక్‌పట్టీదా లేక ఆ రోజు మిల్లు ధరా, అన్నీ ఆ పది వరుసల్లోనే బయటపడతాయి. పది దిద్దడానికి ఐదు నిమిషాలు చాలు, 612 దిద్దాలంటే ఒక రోజు పోతుంది. పైగా 5న పది వరుసలు రాకపోతే 9న మిగతావి కూడా రావని నీకు నాలుగు రోజుల ముందే తెలుస్తుంది. అప్పుడు పక్క దారి చూసుకోవచ్చు.

నీ భయం సంగతి. వివరంగా రాస్తే ఆర్డర్ అవుతుందా అంటే, నాకు తెలిసినంతలో అది మాట తీరును బట్టి ఉంటుంది, పొడవును బట్టి కాదు. ముందు స్వయంగా వెళ్లి, నోటితో, ‘అన్నా, ఈ నెల నాకు మీ సాయం కావాలి’ అని చెప్పు. మధ్యాహ్నం భోజనాల తర్వాత బండ్లు కాస్త తగ్గే వేళ చూసుకొని వెళ్లు. విషయం మాట్లాడుకున్నాక, మాట్లాడింది మరిచిపోకుండా రాసి పంపుతానని చెప్పి పంపు. అప్పుడు ఆ రాత ఇద్దరూ అనుకున్న మాట అవుతుంది. మొదటిసారే సేటుకు కాపీ పెట్టకు. అది మాత్రం ఆయనకు తప్పకుండా గుచ్చుకుంటుంది. రాత ఇలా ఉండొచ్చు, నీ మాటల్లోకి మార్చుకో:

> డిసెంబర్ పత్తి తక్‌పట్టీల వివరాలు, జనవరి 9 సాయంత్రం 5 లోపు
>
> అన్నా, నమస్తే. మధ్యాహ్నం మాట్లాడుకున్నట్టు డిసెంబర్ పత్తి వివరాలు కావాలి. రైతుల దగ్గర కొన్న పత్తి మీద 5 శాతం జీఎస్టీ మన మిల్లే నగదుగా కట్టాలి. అందుకే రైతుల సరుకు, వ్యాపారుల సరుకు వేరువేరుగా తెలియాలి.
>
> డిసెంబర్ 1 నుంచి 31 వరకు కాటా ఎక్కిన బండ్లన్నీ రాయండి. 31న దిగి జనవరిలో తక్‌పట్టీ రాసినవి కూడా ఇందులోనే రావాలి. ధర, మొత్తం తక్‌పట్టీలో ఉన్నవే కావాలి, ఆ రోజు మిల్లు ధర కాదు.
>
> ఫైల్ జత చేశాను. మూడు వరుసలు నమూనాగా నింపాను. ఒక తక్‌పట్టీకి ఒక వరుస. రైతు అయితే R, వ్యాపారి అయితే T, అడ్తి బండ్లు గానీ అనుమానం ఉన్నవి గానీ X. రద్దయినవి కూడా రాసి మొత్తం 0 పెట్టండి. తేమ, ఆధార్, బ్యాంకు వివరాలు వద్దు.
>
> మొదటి పది వరుసలు 5వ తేదీకి పంపితే సరిగ్గా ఉన్నాయో చూసి వెంటనే చెప్తాను. మిగతావి 9న సాయంత్రం 5 లోపు కావాలి. సంక్రాంతి సెలవులకు ముందే ఆడిటర్ గారికి ఇవ్వాలి, పన్నుకు చివరి తేదీ 20. ఆలస్యమైతే రోజుకు దాదాపు 1,480 రూపాయల వడ్డీ పడుతుంది. 9కి వీలుకాదనిపిస్తే 5న చెప్పండి అన్నా, తక్‌పట్టీ పుస్తకాలు తీసుకొని సగం నేను ఎక్కిస్తాను.
>
> ఫైల్‌తో పాటు తక్‌పట్టీలు మొత్తం ఎన్ని, పుస్తకం ప్రకారం రూపాయలు మొత్తం ఎంత అనేవి కూడా రాయండి.

చివర్లో ‘సగం నేను ఎక్కిస్తాను’ అన్నది మాట వరసకు రాయకు. అన్నావంటే చేయాలి. సీజన్ జోరు మీద ఉన్నప్పుడు కాటా అన్నకు నిజంగా తీరిక ఉండకపోవచ్చు. ఎక్కించడం నీకు వీలుకాదంటే ఆ వాక్యం తీసేసి, తక్‌పట్టీ రాసే కుర్రాడు నింపవచ్చా అని అడుగు.

8న ఒక్కసారి గుర్తు చెయ్. ‘ఏమైంది?’ అని కాకుండా ‘ఏ రోజు వరకు ఎక్కాయి, ఎక్కడ ఆగింది?’ అని అడుగు. ‘20వ తేదీ దాకా అయినయ్, తర్వాతి పుస్తకం సేటు టేబుల్ మీదుంది’ అన్నారనుకో, ఆ పుస్తకం తెచ్చిపెట్టడం నీ చేతిలో పనే. 9 దాటినా ఏమీ రాకపోతే అప్పుడు మేనేజర్‌కు చెప్పు. అది కూడా ఆయనకు చెప్పే చెప్పు: ‘అన్నా, తేదీ దగ్గరపడింది, మేనేజర్ సార్‌తో మాట్లాడి మీకు ఒక మనిషిని ఇప్పించమంటాను.’ ఇది చాడీ కాదు, ఆయనకు మనిషి కావాలని నువ్వు మాట్లాడుతున్నావు.

రిటర్న్ వేశాక ఆ అంకె ఆయనకు చెప్పు. ‘అన్నా, రైతుల సరుకు ఇంత వచ్చింది, పన్ను ఇంత కట్టాం, మీ పుస్తకంతో రూపాయి తేడా లేకుండా కలిసింది.’ తాను ఇచ్చిన కాగితం ఎక్కడికి పోయి ఏమైందో కాటా దగ్గర పనిచేసేవాళ్లకు ఎవరూ చెప్పరు. ఆ మాట తర్వాత జనవరి లెక్కకు ఇంకో అలవాటు అడగడం సులువు: నెలాఖరు దాకా ఆగకుండా, మార్కెట్ సెలవు రోజుల్లో బండ్లు తక్కువ కాబట్టి, వారం వారం అదే ఫైల్‌లో ఎక్కించడం. వారానికి నూట యాభై వరుసలు ఒక మధ్యాహ్నం పని.

ఇప్పుడు నవంబర్ మిగిలింది. ఆ 37 ఫొటోల నుంచి నువ్వు ఎక్కించిన ఫైల్ పారేయకు. అందులో కాటా చిట్టీ నంబర్లు, నికర బరువులు సరిగ్గానే ఉండి ఉంటాయి. వాటి పక్కన రకం, ధర, మొత్తం గళ్లు ఖాళీగా పెట్టి ప్రింట్ తీసుకో. నవంబర్ 30, డిసెంబర్ 1 తక్‌పట్టీలు ముందు చూడు, తేడా అక్కడే ఎక్కువగా దొరుకుతుంది. మిగతావి తక్‌పట్టీ పుస్తకాల నుంచి చిట్టీ నంబర్ పట్టుకొని నింపు, కాటా అన్న పక్కన ఉంటే రెండు మధ్యాహ్నాల్లో అయిపోతుంది. పన్ను తక్కువ కట్టినట్టు తేలితే తర్వాతి నెల రిటర్న్‌లో వడ్డీతో కలిపి కట్టవచ్చు. ఎంత కట్టాలో ఆడిటర్ గారు లెక్కేస్తారు. అందుకు ఆయనకు ఇవ్వాల్సింది సరిదిద్దిన ఈ ఫైల్, దానితో పాటు X పెట్టిన బండ్ల తక్‌పట్టీల నకళ్లు.